బోర్డు మీది మూడు అంకెలు

పెద్దాసుపత్రి ల్యాబ్‌లో ఉదయం షిఫ్టు నడిపేవాళ్ల కళ్లు గోడ మీది తెర వైపే ఉంటాయి. తెర మీద మూడు అంకెలు కనిపిస్తాయి. ఓపెన్ అంటే ఇంకా రిపోర్టు ఇవ్వాల్సిన శాంపిళ్లు. ఓవర్‌డ్యూ అంటే వాటిలోనే గడువు దాటినవి. కంప్లీటెడ్ అంటే రిపోర్టు వెళ్లిపోయినవి.

ఒక ఉదయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పది గంటలకు ఓపెన్ 120, ఓవర్‌డ్యూ 3, కంప్లీటెడ్ 90. కొత్తవాళ్లు ఆ 120 చూసి కంగారు పడతారు. అందులో భయపడాల్సిందేమీ లేదు. పరగడుపు రక్తపరీక్షలకు వచ్చేవాళ్లంతా ఆ వేళకే వస్తారు. తీసిన రక్తం గడ్డకట్టడానికే అరగంట పడుతుంది, ఆ తర్వాతే దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. అందుకే పదింటికి ఓపెన్ ఎక్కువగానే ఉంటుంది.

పన్నెండింటికి ఓపెన్ 70కి దిగింది, కంప్లీటెడ్ 230కి చేరింది. లెక్క వేస్తే ఈ రెండు గంటల్లో వచ్చినవి 90, పూర్తయినవి 140. పని జోరుగానే సాగుతోంది. కానీ ఓవర్‌డ్యూ 3 నుంచి 11 అయింది. నా దృష్టిలో ఆ పూట చూడాల్సిన అంకె అదే. పని తరుగుతుంటే ఆలస్యం పెరుగుతోందంటే, ఏవో కొన్ని శాంపిళ్లు వెనక్కి పడిపోతున్నాయన్నమాట.

ఆ 11 మీద నొక్కి జాబితా తెరవాలి. తొమ్మిది ఎమర్జెన్సీ నుంచి వచ్చినవే: గుండెపోటు అనుమానంతో అడిగిన ట్రోపోనిన్, పొటాషియం. తొమ్మిదీ ‘అందింది’ దగ్గరే ఆగిపోయాయి, మెషిన్ ఎక్కలేదు. ఓపీ ట్యూబులు నిండు ర్యాకులతో వస్తుంటే టెక్నీషియన్ వాటినే వరసగా ఎక్కించేస్తున్నాడు. ఒక్కొక్కటిగా వచ్చిన ఎమర్జెన్సీ ట్యూబులు పక్క ట్రేలో ఉండిపోయాయి. కంప్లీటెడ్ అంత చక్కగా పెరిగింది కూడా అందుకే. ముందు ఆ ట్రేని మెషిన్ ఎక్కించాలి.

ఒంటిగంటకు ఓవర్‌డ్యూ 2కి దిగుతుంది. అయినా ఊపిరి పీల్చుకోకూడదు. ఆలస్యంగా పూర్తయిన ఆ తొమ్మిదీ ఇప్పుడు కంప్లీటెడ్‌లో కలిసిపోయాయి, ఓవర్‌డ్యూ అంకెలో వాటి జాడే లేదు. ‘గడువు దాటి పూర్తయినవి’ అని విడిగా తీసి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. రక్తకణాలు చిట్లిన శాంపిల్‌లో పొటాషియం లేనంత ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని తిరస్కరించి మళ్లీ తీయమంటాం. చాలాచోట్ల రెండోసారి తీసినదానికి కొత్త నంబరు పడుతుంది, గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. బోర్డు మీద ఒక ఓవర్‌డ్యూ తగ్గుతుంది. మంచం మీది మనిషి మాత్రం మొదటి సూది గుచ్చినప్పటి నుంచి ఎదురుచూస్తూనే ఉంటాడు.

షిఫ్టు మారేటప్పుడు ఓపెన్‌లో ఇరవై మిగిలినా అన్నీ ఒకటి కాదు. బ్లడ్ కల్చర్ అయిదు రోజులైనా ఓపెన్‌లోనే ఉండొచ్చు, దాని తీరే అంత. మళ్లీ తీయమన్న శాంపిల్‌ సంగతి అలా కాదు. దాని మొదటి నంబరు, వార్డులో ఎవరికి ఫోన్ చేశామో, ఎన్ని గంటలకు చేశామో రిజిస్టర్లో రాసి, తర్వాతి షిఫ్టు వాళ్లకు చూపించి వెళ్లాలి.