తెంచితేనే మెరిసే తీగచుట్ట

పాత అంబాసిడర్ కారు మొరాయిస్తే మెకానిక్ బానెట్ ఎత్తి ముందు చూసేది డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉండే పాయింట్లను. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అవి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. మూసుకున్నప్పుడు ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుడుతుందని చాలాకాలం అనుకున్నాను. కానీ అది పుట్టేది తెరుచుకున్నప్పుడు, అంటే బ్యాటరీ సంబంధం తెగిపోయిన క్షణాన. 12 వోల్టులతో బతికే ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులు విసిరేది అప్పుడే.

దీని వంశం పాతది. అమెరికాలోని ఆల్బనీలో జోసెఫ్ హెన్రీ, పొడవాటి తీగలో పారే కరెంటును తెంచినప్పుడు రవ్వ ఎగరడం గమనించి 1832లో అచ్చువేశాడు. తీగను చుట్టగా చుడితే రవ్వ ఇంకా పెద్దది. 1836లో ఐర్లండ్‌లోని మేనూత్‌లో నికలస్ కాలన్ అనే మతగురువు ఇనుప కడ్డీ మీద లావు తీగ, దానితోపాటు చాలా పొడవైన సన్న తీగ చుట్టి తొలి ఇండక్షన్ కాయిల్ చేశాడు. షాక్ ఎంత గట్టిదో తేల్చడానికి ఆయనకు శిష్యులే మీటర్లు. ఆ పిల్లల ఓర్పుకు దండం పెట్టాలి! తర్వాత పారిస్‌లో రూమ్‌కార్ఫ్ ఈ చుట్టను మెరుగుపరిచి పేరు తెచ్చుకున్నాడు. 1910 ప్రాంతంలో చార్లెస్ కెటరింగ్ దాన్ని బ్యాటరీ ఇగ్నిషన్‌గా కాడిలాక్ కారులోకి తెచ్చాడు.

లోపల జరిగేదాన్ని ఒక మామూలు కాయిల్ లెక్కతో చూద్దాం. లావు తీగ చుట్ట నిరోధం 3 ఓములు, ఇండక్టెన్స్ 9 మిల్లీహెన్రీలు అనుకుందాం. పాయింట్లు మూసుకుంటే చివరికి పారాల్సిన కరెంటు 12/3, అంటే 4 ఆంపియర్లు. అది ఒక్కసారిగా రాదు. కరెంటు పెరిగే కొద్దీ చుట్టలో అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది, ఆ పెరుగుదలే కరెంటుకు ఎదురు తోస్తుంది. ఎంత తాత్సారమో L/R చెబుతుంది. ఇక్కడ అది 3 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో కరెంటు 63 శాతానికి, 9 మిల్లీసెకన్లకు 95 శాతానికి చేరుతుంది. 4 ఆంపియర్లు నిండితే క్షేత్రంలో దాగే శక్తి ½LI², అంటే 0.072 జౌళ్లు. వేలెడు దూరం రాయిని పైకెత్తేంత శక్తే, కానీ విడుదలయ్యే తీరు వేరు.

ఇప్పుడు పాయింట్లు విడిపోయాయి. కరెంటు ఆగిపోవాలంటే క్షేత్రం కూలిపోవాలి. కూలేటప్పుడు అది అదే కరెంటును అదే దిశలో ఇంకా తోయాలని చూస్తుంది. అందుకు ఎంత వోల్టేజీ కావాలో చుట్టే పుట్టిస్తుంది: v = L × di/dt. 4 ఆంపియర్లను 10 మైక్రోసెకన్లలో సున్నా చేయాలంటే 3,600 వోల్టులు. వెంట్రుకవాసి ఎడం ఉన్న పాయింట్ల మధ్య గాలి అంత తట్టుకోలేదు. అక్కడే మంట లేచి, దాచుకున్న శక్తిలో చాలాభాగం పాయింట్లను కాల్చడానికే పోతుంది, ప్లగ్‌కు మిగిలేది కొంచెమే.

1853లో ఫ్రెంచ్ భౌతికవేత్త ఫిజో చెప్పిన చిట్కా ఇక్కడ ఆదుకుంటుంది: పాయింట్లకు సమాంతరంగా ఒక కండెన్సర్. తెగిన కరెంటుకు క్షణకాలం అది దారి ఇస్తుంది. ఆలోగా పాయింట్లు తగినంత దూరం జరిగిపోతాయి. 0.2 మైక్రోఫారడ్ కండెన్సర్‌కే మొత్తం శక్తి చేరితే దాని మీద 850 వోల్టులు వస్తాయి. నిజానికి సన్న తీగ వైపు శక్తి తరలిపోతుంది కనుక మూడు నాలుగొందల వోల్టుల దగ్గరే ఆగుతుంది. సన్న తీగ చుట్లు వంద రెట్లు ఎక్కువ కాబట్టి ప్లగ్ వైపు ముప్పై వేలదాకా లేవగలదు. పాయింట్ల మీద నీలి మెరుపులు గట్టిగా కనిపించి, ప్లగ్ దగ్గర రవ్వ నీరసంగా ఉంటే మెకానిక్‌కు ముందు కండెన్సర్ మీదే అనుమానం.

కాయిల్‌కు వేగం అంటే భయం. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు కావాలి. పాయింట్లు మూసి ఉండేది ఇంచుమించు 6 మిల్లీసెకన్లు, కరెంటు 86 శాతం నిండుతుంది. 6,000 చుట్ల దగ్గర 3 మిల్లీసెకన్లే దొరుకుతాయి. కరెంటు 63 శాతం, శక్తి మాత్రం 40 శాతమే, ఎందుకంటే అది కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది. ఇంజన్‌ను దంచినప్పుడు మిస్‌ఫైర్ రావడం ఇందుకే.

ఇదే వోల్టేజీ తన్ను రిలే చుట్టలోనూ ఉంటుంది. అక్కడ అది ట్రాన్సిస్టర్‌ను చంపేస్తుంది కనుక చుట్టకు అడ్డంగా డయోడ్ పెడతారు. కరెంటు ఆ డయోడ్ గుండా తిరుగుతూ మెల్లగా అరిగిపోతుంది, రిలే కాస్త ఆలస్యంగా వదులుతుంది, అంతే. ఆ డయోడ్‌నే ఇగ్నిషన్ కాయిల్‌కు పెడితే వోల్టేజీ లేవదు, ఇంజన్ స్టార్టే కాదు.