ఒక్క ‘మనం’, ముప్పై ఆరు వేల కిరాయి

జమ్మికుంట నుంచి ఆదిలాబాద్ దాకా దూది బేళ్ల బేరాలు ఎక్కువగా ఫోన్లోనే కుదురుతాయి. ఇప్పుడు చాలామంది అవతలి మనిషికి చెప్పి కాల్ రికార్డు చేస్తున్నారు. యాప్‌తో ఆ మాటల్ని రాతలోకి దించుకుని దాచుకుంటున్నారు. ఆ రాత మళ్లీ చదివినప్పుడు తేడా కనిపిస్తే ఏం చేయాలన్న దగ్గరే అపోహలన్నీ ఉన్నాయి. నాకు ఎదురైన ఒక సంగతితోనే చెబుతాను.

ఆదిలాబాద్‌లోని మా జిన్నింగ్ మిల్లు తరఫున గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లుకు 100 బేళ్లు మాట్లాడాను. బేలుకు సుమారు 170 కిలోలు, క్యాండీ అంటే 356 కిలోలు. అంటే మొత్తం 48 క్యాండీలకు కొంచెం తక్కువ. రేటు క్యాండీకి 56,000. మూడో రోజు ఇన్‌వాయిస్ రాద్దామని కాల్ రాత తెరిస్తే, నా మాటగా ఇలా ఉంది: “కిరాయి మనం చూసుకుంటాం.” నేనలా అనలేదని నాకు గట్టి నమ్మకం.

అపోహ: రాతలో ఉన్నదే అన్న మాట.

వాస్తవం: రాత ఆనవాలు మాత్రమే, అసలు సాక్ష్యం గొంతు. రికార్డింగ్ పెట్టి విన్నాను. నేనన్నది “కిరాయి మనం చూసుకుందం లెండి” అని. తర్వాత ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం అని దాని అర్థం. యాప్ మా వైపు ‘కుందం’ను ‘కుంటాం’ చేసింది. అయితే తప్పంతా యాప్ మీదకు తోయడం న్యాయం కాదు, ఎందుకంటే స్పిన్నింగ్ మిల్లు సార్ చెవికీ అది ‘కుంటం’ అనే వినపడింది. దానికి ‘మనం’ కూడా తోడైంది. ‘మేం’ అంటే వినేవాడు బయట ఉంటాడు, ‘మనం’ అంటే లోపల ఉంటాడు. కానీ వ్యాపారంలో మర్యాద కోసం మా మిల్లును కూడా ‘మన మిల్లు’ అనేస్తాం. ఆ మర్యాదే ఇక్కడ అర్థాన్ని చెడగొట్టింది.

అపోహ: నా మాట సరిగ్గా ఉందా లేదా చూసుకుంటే చాలు.

వాస్తవం: అపార్థం మన వాక్యంలో దొరకదు, దాని తర్వాత అవతలివారు అన్న వాక్యంలో దొరుకుతుంది. ఆయన “సరే, అట్లయితే ఆ రేటు మాకు గిట్టుతుంది” అన్నారు. కాల్‌లో నేను ‘సరే’ దగ్గరే వినడం ఆపేశాను. చదువుతుంటే ‘అట్లయితే’ దగ్గర ఆగిపోయాను. కిరాయి మేం భరిస్తామనుకుంటేనే ఆయనకు ఆ రేటు గిట్టింది.

అపోహ: ఆయన అడగలేదు కదా, బిల్లులో కిరాయి వేస్తే ఆయనే చూసుకుంటాడు.

వాస్తవం: ఒకే విషయానికి ఇద్దరూ ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి అని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. అంటే మా మధ్య కిరాయి గురించి ఇంకా ఒప్పందమే లేదు. పైగా లారీ కదలకముందు సవరణ ఒక్క మెసేజ్‌తో పోతుంది. ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు తీసి సరుకు పంపాక అదే సవరణకు క్రెడిట్ నోటో డెబిట్ నోటో కావాలి. సరుకు వాళ్ల గేటు దగ్గర ఆగితే లారీ నిలిపినందుకు రోజుకింతని కట్టాలి.

అపోహ: మెత్తగా “ఏమైనా కన్ఫ్యూజన్ ఉంటే క్షమించండి” అంటే బాగుంటుంది.

వాస్తవం: అది చదివితే ఏం మారిందో ఎవరికీ తెలియదు. నేను పంపింది ఇది:

“నమస్తే సర్. మంగళవారం మాట్లాడిన 100 బేళ్ల గురించి ఒక సవరణ. 56,000 మా మిల్లు గేటు ధర, లారీ కిరాయి అందులో లేదు. ‘కిరాయి మనం చూసుకుందం’ అన్నది తర్వాత మాట్లాడుకుందామన్న ఉద్దేశంతో. మేమే పెట్టుకుంటామని మీకు అర్థమైనట్టు ఈరోజు రికార్డింగ్ మళ్లీ వింటే తెలిసింది. స్పష్టంగా చెప్పకపోవడం నా పొరపాటు. కిరాయి 36,000, క్యాండీకి సుమారు 750 పడుతుంది. బేళ్ల లెక్క, నాణ్యత, డబ్బు గడువు మారలేదు. కిరాయి మీరు పెట్టుకోవచ్చు, లేదా చెరి సగం. రెండూ కుదరకపోతే ఈ బేరం వదిలేద్దాం, మీ మీద ఏ భారమూ ఉండదు. రేపు 11 గంటల్లోపు చెప్పండి. అప్పటిదాకా లోడు చేయం.”

ఆయన మాటను తప్పని ఎక్కడా అనలేదు. రాత ఫొటో తీసి పంపలేదు కూడా. పంపితే అది సవరణ కాదు, వాదన అవుతుంది. అడిగితే వినిపించడానికి రికార్డింగ్ మాత్రం దాచి ఉంచాను. పాత మెసేజ్‌లను చెరపలేదు. చెరిపితే ఏదో దాస్తున్నామన్న అనుమానం వస్తుంది.

అపోహ: నీలం టిక్కులు పడ్డాయంటే ఒప్పుకున్నట్టే.

వాస్తవం: చూశారని మాత్రమే. సాయంత్రం ఆయన నుంచి “ఓకే” అని వచ్చింది. దేనికి ఓకే? మళ్లీ అడిగాను. “చెరి సగం, మా వంతు 18,000” అని అంకె వేసి రాశాకే లారీకి తాళ్లు బిగించాం.