ఈ రోజు ఎవరికి ఫోన్ చేయాలి?

విజయవాడలో ఒంటరిగా తిరుగుతూ ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించే ఏజెంటు ఒకరున్నారనుకుందాం. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక, 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ అని విని ఆరా తీసేవాళ్లకు కొదవ లేదు. అడిగిన రోజే అడ్వాన్సు ఇచ్చేవాళ్లే అరుదు. ‘ఈ నెల కరెంటు బిల్లు రానీయండి’, ‘మా అబ్బాయి వచ్చాక చూద్దాం’ అంటారు. ఇలాంటి మాటలు యాభై పోగయ్యాక ఏ ఒక్కటీ గుర్తుండదు.

అందుకే ఆయన సీఆర్‌ఎం ఒక గూగుల్ షీట్. అందులో పేరు, ఫోను, దశ, చివరిసారి మాట్లాడిన రోజు, తర్వాతి తేదీ, చేయాల్సిన పని అని ఆరు గడులు ఉంటాయి. పక్క షీట్లో ఒకే సూత్రం:

```
=FILTER(Sheet1!A2:F, Sheet1!E2:E<>"", Sheet1!E2:E<=TODAY())
```

పొద్దున తొమ్మిదింటికి తెరిస్తే ఈ రోజువి, గడువు దాటినవి మాత్రమే కనిపిస్తాయి. ముందు తాను మాటిచ్చినవి: కొటేషన్ పంపుతానన్నవి, కొలతలకు వస్తానన్నవి. అవతలివాళ్లను అడగాల్సినవి ఆ తర్వాతే. మనం బాకీ పడ్డచోట ఆలస్యమైతే బేరం చేజారడం ఖాయం.

ఫోను పెట్టేయగానే చివరి గడిలో రాసే మాటలోనే ఉంది కిటుకంతా. ‘ఫాలో అప్’ అని రాస్తే వారం తర్వాత ఏం మాట్లాడాలో ఆయనకే తెలియదు. ‘అబ్బాయి శనివారం హైదరాబాద్ నుంచి వస్తాడు, డాబా ఫొటోతో 3 కిలోవాట్ల కొటేషన్ అతనికి వాట్సాప్ చేశాను, సోమవారం అతనికే ఫోను’ అని రాస్తే సోమవారం మాట తడుముకోనక్కర్లేదు.

బంతి అవతలివాళ్ల దగ్గర ఉన్నవాటికీ తేదీ ఉండాల్సిందే. బ్యాంకు లోను కోసం ఆగిన ఇంటికి ‘పెండింగ్’ అని రాసి తేదీ వదిలేస్తే అది జాబితాలోకి ఇక రాదు. ‘గురువారానికి కబురు రాకపోతే బ్యాంకులో అడగాలి’ అని తేదీతో సహా రాయాలి. సాయంత్రం ఓ ఐదు నిమిషాలు తేదీ లేని వరుసలను వెతకడానికే కేటాయిస్తే మంచిది.

తేదీ వేసినా కొన్ని మాయమవుతాయి. ‘12.6 సాయంత్రం’ అని కొడితే షీట్ దాన్ని తేదీగా కాక ఉత్త అక్షరాలుగా తీసుకుంటుంది, సూత్రానికి చిక్కదు. మామూలుగా తేదీ గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి కాబట్టి చూడగానే పట్టేయొచ్చు. సెట్టింగ్స్‌లో లొకేల్ అమెరికాగా ఉంటే ఇంకో చిక్కు: 12/6 డిసెంబరు ఆరు అయిపోతుంది, జూన్‌లో చేయాల్సిన ఫోను ఆరు నెలలు వెనక్కి పోతుంది.

ఇక ఫోనుకు బద్ధకించి తేదీని రేపటికి నెట్టడం అందరూ చేసేదే. ఒకే పేరు మూడుసార్లు జరిగిందంటే చేయాల్సిన పనే తప్పు. ఫోను ఎత్తనివాళ్ల ఇంటికి వెళ్లడమో, ‘వద్దన్నారు’ అని కారణంతో మూసేయడమో చేయాలి. బిల్లు తక్కువని వద్దన్నవాళ్లకు మాత్రం ఆయన మే నెల తేదీ వేసి ఉంచుతారు, అప్పటికి ఇంట్లో ఏసీ తిరుగుతూ ఉంటుంది.