ఎనిమిది నిమిషాల సీటు

కొత్త సినిమా బుకింగ్ తెరవగానే మీరు హెచ్ 12, హెచ్ 13 సీట్లు నొక్కి ముందుకు వెళ్లారు. ఆ క్షణంలో సర్వర్ మూడు సంగతులు రాసుకుంటుంది: ఏ సీట్లు, ఎవరికి, ఎప్పటిదాకా. గడువు ఎనిమిది నిమిషాలనుకుందాం. 10:00కు పట్టుకున్న సీట్లు 10:08 దాకా మీవే. అదే సెకనులో ఇంకొకరు నొక్కినా డేటాబేస్ మొదట చేరినవారినే ఒప్పుకుంటుంది. రెండోవారికి దక్కేది క్షమాపణే.

మనసు మారి యాప్ మూసేశారనుకోండి. ఆ కబురు సర్వర్‌కు చేరుతుందన్న నమ్మకం లేదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు, సిగ్నల్ పోయి ఉండొచ్చు. అందుకే అది మీ కబురు కోసం ఎదురుచూడదు, గడియారాన్నే నమ్ముతుంది. 10:08 దాటితే సీట్లు ఖాళీ. తెరపై పాత మ్యాప్ ఇంకా బూడిదరంగులోనే చూపిస్తుంటే రిఫ్రెష్ చేయాలి. హౌస్‌ఫుల్ అనుకున్న షోలో కాసేపటికి రెండు సీట్లు మొలిచేది ఇలాగే.

అసలు చిక్కు డబ్బు దగ్గర. మీరు 10:07:50కి యూపీఐ పిన్ కొట్టారు, బ్యాంకు జవాబు 10:08:20కి వచ్చింది. ఆలోపు సీట్లు వేరొకరు తీసుకుంటే, డబ్బు కట్ అయినా టికెట్ ఉండదు, రీఫండే దిక్కు. జాగ్రత్తగా కట్టిన వ్యవస్థలో చెల్లింపు గడువు సీటు గడువుకన్నా ముందే ముగుస్తుంది, లేదా చెల్లింపు మొదలవగానే సీటు గడువు కాస్త పెరుగుతుంది. మరీ పెంచితే కొనే ఉద్దేశం లేనివాళ్లు సీట్లను ఊరికే అట్టిపెట్టుకుంటారు.