హిమోగ్లోబిన్ కింది వరుసలో ఏముంది?

సీబీపీ రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ హిమోగ్లోబిన్ మీదే పడుతుంది. తొమ్మిదో పదో ఉందంటే చాలు, మందుల షాపుకెళ్లి ఐరన్ మాత్రలు తెచ్చేసుకుంటారు. రక్తం ఎంత తగ్గిందో ఆ అంకె చెబుతుంది గానీ ఎందుకు తగ్గిందో చెప్పదు. కారణం ఆచూకీ దాని కింద నాలుగైదు వరుసల్లో ఎక్కడో ఉండే ఎంసీవీలో దొరుకుతుంది. ఎర్ర కణం సగటు పరిమాణం అది. పెద్దవాళ్లలో 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు మామూలు.

80 కంటే తక్కువుంటే కణాలు చిన్నవైనట్టు. హిమోగ్లోబిన్ సరిగా తయారుకానప్పుడు ఇలా జరుగుతుంది. ఎక్కువమందిలో కారణం ఐరన్ లోపమే. నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, గర్భం, కొంకిపురుగులు దీనికి దారితీస్తాయి. యాభై దాటిన మగవాళ్లలో ఇది కనిపిస్తే మాత్రం పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో వెతకాల్సిందే.

అయితే చిన్న కణాలన్నీ ఐరన్ లోపం కాదు. నెలల తరబడి మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 10.8 దగ్గరే ఆగిపోయిన యువతి రిపోర్టు ఒకటి ఊహించుకోండి. ఎంసీవీ 64. ఎర్ర కణాల సంఖ్య మాత్రం మైక్రోలీటరుకు 56 లక్షలు, అంటే 5.6 మిలియన్లు. ఐరన్ లేనప్పుడు కణాల సంఖ్య కూడా తగ్గాలి కదా, ఇక్కడ ఇన్నెందుకున్నాయి? 64ని 5.6తో భాగిస్తే 11.4 వస్తుంది. 13 కంటే తక్కువొస్తే తలసీమియా మైనర్‌ని అనుమానిస్తారు. ఇది అనుమానం వరకే. ఫెర్రిటిన్, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలు చేశాకే తేల్చాలి. తేలితే భర్తకూ పరీక్ష చేయాలి. ఇద్దరూ బీటా తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఎంసీవీ 100 దాటితే బీ12, ఫోలేట్ లోపాలు ముందు గుర్తుకు రావాలి. డీఎన్ఏ తయారీ వెనకబడటంతో కణం విభజన ఆలస్యమై పెద్దదిగానే మిగిలిపోతుంది. మద్యం, కాలేయ జబ్బు, థైరాయిడ్ లోపం, మెథోట్రెక్సేట్ లాంటి మందులూ కారణమే. బీ12 లోపముంటే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడకూడదు. హిమోగ్లోబిన్ పెరుగుతుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

కణాలు మామూలు సైజులో ఉండీ రక్తం తగ్గితే కిడ్నీ జబ్బు, దీర్ఘకాలిక వాపు జబ్బులు, అప్పటికప్పుడు రక్తం పోవడం, మూలుగ దెబ్బతినడం చూడాలి.

ఇక్కడే ఒక మోసం ఉంది. ఎంసీవీ సగటు మాత్రమే. శాకాహారి ఒకరికి ఐరన్, బీ12 రెండూ తక్కువైతే చిన్న కణాలూ పెద్ద కణాలూ కలిసి ఎంసీవీ 88 అని చూపిస్తుంది. పక్కనుండే ఆర్‌డీడబ్ల్యూ 19కి ఎగబాకితే కణాలన్నీ ఒక్క సైజులో లేవన్నమాట. ఐరన్ ఒక్కటే ఇస్తే చిన్న కణాలు కోలుకుని ఎంసీవీ వంద దాటుతుంది, దాగి ఉన్న బీ12 లోపం అప్పుడు బయటపడుతుంది. అంతదాకా ఆగకుండా రక్తపు స్మియర్‌ను మైక్రోస్కోపు కింద పెడితే, పాలిపోయిన చిన్న కణాల పక్కనే కోడిగుడ్డు ఆకారపు పెద్ద కణాలు కనబడతాయి.