రిహార్సల్‌లో ఒకడు, టేక్‌లో ఇంకొకడు

పెడల్ తిరుగుతోంది, కాలు తిరగడం లేదు. వాన మొదలవుతుండగా మట్టిరోడ్డు మీద సైకిల్ తొక్కుతూ వస్తున్న పాలాయన, వెనక క్యారియర్‌కి రెండు క్యాన్లు, పక్కనే సాగుతున్న కెమెరా. అయిదు సెకన్ల షాట్. బురద మెరుపు, చొక్కా తడవడం అన్నీ అద్భుతంగా వచ్చాయి. కాని పాలాయన కుడికాలు గాలిలో ఆగిపోయింది, పెడల్ దాని దారిన అది తిరిగింది. మళ్లీ అడిగాను. ఈసారి కాలు కదిలింది గాని, మూడో క్యాన్ పుట్టుకొచ్చింది. ప్రతిసారీ అత్యుత్తమ నాణ్యతే ఎంచుకున్నాను కాబట్టి, నెల మొదటివారం దాటకముందే నేను డబ్బు కట్టిన సర్వీసులో క్రెడిట్లు సున్నాకొచ్చాయి.

ఈ అవస్థకి అందరూ చెప్పే మందు ఒకటుంది: ముందు తక్కువ రెజల్యూషన్‌లో చవగ్గా డ్రాఫ్టులు తీసుకో, నచ్చినదాన్నే పెద్దగా తీయి. రీలు రోజుల్లో మన సినిమావాళ్లు చేసిందీ ఇదే కదా అనిపిస్తుంది. 400 అడుగుల 35 ఎంఎం నెగెటివ్ నాలుగున్నర నిమిషాలు కూడా తిరగదు. అందుకే కెమెరా ఆన్ చెయ్యకుండా నాలుగైదు రిహార్సల్స్ చేసి, ఆ తర్వాతే టేక్‌కి వెళ్లేవారు. సలహా మంచిదే. కాని వీడియో జనరేటర్‌లో ఒక మెలిక ఉంది. రిహార్సల్ చేసిన నటుడే టేక్‌కి వస్తాడన్న హామీ లేదు. అదెందుకో తెలియకపోతే డ్రాఫ్టుల మీద పెట్టిన డబ్బూ మునుగుతుంది, ఫైనల్ మీద పెట్టిందీ మునుగుతుంది.

ఖర్చు ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. 2025 ఫిబ్రవరిలో అలీబాబా అందరికీ విడుదల చేసిన వాన్ 2.1 అనే మోడల్‌ని తీసుకుంటాను, దాని లోపలి కొలతలు బయటికి తెలుసు గనక. ఇది సెకనుకి 16 ఫ్రేముల చొప్పున 81 ఫ్రేములు, అంటే అయిదు సెకన్ల క్లిప్ తీస్తుంది. పిక్సెల్స్‌ని నేరుగా గీయదు. అడ్డంగా నిలువుగా ఎనిమిదేసి పిక్సెళ్లని ఒక గడిగా, నాలుగేసి ఫ్రేములని ఒకటిగా కుదించిన చిన్న రూపంలో పని చేస్తుంది. ఆ గడుల్లో మళ్లీ నాలుగింటిని కలిపి ఒక టోకెన్ చేస్తుంది. అంటే తెర మీద 16 పిక్సెళ్ల చదరం ఒక టోకెన్. 832×480 సైజులో అడ్డంగా 52, నిలువుగా 30, మొత్తం 1,560. కాలంలో మొదటి ఫ్రేము విడిగా, మిగతా ఎనభై నాలుగేసి చొప్పున కలిసి 21 పొరలు. క్లిప్ మొత్తానికి 32,760 టోకెన్లు. అదే 1280×720 అయితే 75,600.

టోకెన్లు 2.3 రెట్లే పెరిగాయి. కాని ఈ మోడల్‌లో ప్రతి టోకెన్ మిగతా అన్ని టోకెన్ల వంకా చూడాలి. పెళ్లికి వచ్చినవాళ్లంతా ఒకరినొకరు పలకరించుకోవాలంటే, చుట్టాలు రెట్టింపైతే పలకరింపులు నాలుగింతలవుతాయి. అలా ఆ భాగం పని 5.3 రెట్లవుతుంది. మిగతా లెక్కలు టోకెన్లతో సమంగానే పెరుగుతాయి కాబట్టి అసలు భారం 2.3కీ 5.3కీ మధ్య ఎక్కడో ఉంటుంది. దీన్ని ఒక్కసారి చేస్తే సరిపోదు. శుద్ధ నాయిస్‌తో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా తుడుచుకుంటూ దృశ్యాన్ని బయటికి తీస్తుంది మోడల్. మామూలుగా 50 స్టెప్పులు. పైగా ప్రతి స్టెప్పులోనూ ప్రాంప్ట్‌తో ఒకసారి, ప్రాంప్ట్ లేకుండా ఒకసారి లెక్కకట్టి, ఆ తేడాని పెంచి వాడుతుంది. అంటే ఒక్క క్లిప్‌కి ఆ మహా మోడల్ వందసార్లు నడవాలి.

ఇప్పుడు ఆ మెలిక సంగతి. మొదలుపెట్టే నాయిస్‌ని నిర్ణయించేది సీడ్ అనే సంఖ్య. అదే సీడ్, అదే ప్రాంప్ట్, అదే సైజు ఇచ్చి, మిగతా సెట్టింగులూ మార్చకపోతే అదే వీడియో వస్తుంది. అందుకే చాలామంది 480pలో సీడ్ 4107 బాగుంది కాబట్టి 720pలోనూ 4107 ఇస్తే అదే దృశ్యం ఇంకా స్పష్టంగా వస్తుందనుకుంటారు. రాదు. సైజు మారితే నాయిస్ గడుల సంఖ్యే మారిపోతుంది. అదే సీడ్ నుంచి వచ్చిన అంకెలు వేరే చోట్ల కూర్చుంటాయి. బట్టని ఒకే రంగు నీళ్లలో ముంచినా మడత మారితే మరక మారినట్టు. పాలాయన ఎడమనుంచి కాక కుడినుంచి రావచ్చు, అసలు మనిషే వేరు కావచ్చు. చిన్న మోడల్‌తో డ్రాఫ్టు తీసి పెద్ద మోడల్‌తో ఫైనల్ తీసినా ఇదే గతి.

కాబట్టి తక్కువ సైజు డ్రాఫ్టు ఏం చెబుతుందో స్పష్టంగా ఉండాలి. అది చెప్పేది ప్రాంప్ట్ గురించి. ‘క్యాన్లు రెండు’ అన్న మాటని మోడల్ పట్టించుకుంటోందా, కెమెరా పక్కన సాగమంటే సాగుతోందా లేక ముందు నిలబడిపోతోందా, అయిదు సెకన్లలో ఆ పని పూర్తవుతుందా. రాబోయే ఫైనల్ టేక్ గురించి మాత్రం ఏమీ చెప్పదు.

సైజు మార్చకుండా చవగ్గా చూసే దారి ఒకటుంది: స్టెప్పులు తగ్గించడం. తొలి స్టెప్పుల్లోనే మనిషి ఎక్కడ, ఆకాశం ఎక్కడ, కదలిక ఎటు అనేవి ఖాయమవుతాయి. జుట్టు, గుడ్డ మడతలు, నీటి మెరుపు చివర్లో వస్తాయి. నాయిస్ అదే కనుక, అదే మోడల్‌లో 20 స్టెప్పుల డ్రాఫ్టుకీ 50 స్టెప్పుల ఫైనల్‌కీ పోలిక చాలావరకు నిలుస్తుంది. ఖచ్చితంగా ఒకటే కాదు, ఎందుకంటే నాయిస్ తీసే అంచెలు మారతాయి. పెదవి వంపో చేతి కోణమో జరగవచ్చు. కాని నటుడు అతడే. సొంత కంప్యూటర్‌లో వాన్ 2.1 చిన్న మోడల్‌తో నేను వాడే ఆదేశం ఇది:

```
python generate.py --task t2v-1.3B --size 832*480 \
  --ckpt_dir ./Wan2.1-T2V-1.3B \
  --sample_shift 8 --sample_guide_scale 6 \
  --sample_steps 20 --base_seed 4107 \
  --prompt "A milkman rides a bicycle with two milk cans along a muddy village road as rain begins, camera tracks beside him"
```

పాలాయన షాట్‌కి ఇలా పన్నెండు సీడ్లు నడిపాను. మొత్తం 240 స్టెప్పులు. వాటిలో కాలూ పెడలూ కలిసి తిరిగినవి రెండే. ఆ రెండింటినీ 50 స్టెప్పులతో మళ్లీ తీశాను, ఇంకో వంద. అన్నీ కలిపి 340. పన్నెండింటినీ నేరుగా 50తో తీసుంటే 600 అయ్యేవి. 4090 కార్డు మీద ఈ చిన్న మోడల్ అయిదు సెకన్ల 480p క్లిప్‌ని నాలుగు నిమిషాల్లో తీస్తుందని దాన్ని చేసినవాళ్లే రాశారు. ఆ లెక్కన ముప్పావుగంట పని అరగంట లోపు ముగిసినట్టు.

క్రెడిట్ల సర్వీసుల్లో చాలాచోట్ల స్టెప్పుల మీట మన చేతికి ఇవ్వరు. అక్కడ దొరికేది డ్రాఫ్టు ధర, ఫైనల్ ధర. లూమా 2025లో రే3 మోడల్‌తో డ్రాఫ్ట్ మోడ్ తెచ్చినప్పుడు అయిదురెట్లు చవకని చెప్పింది. సరే, ఫైనల్ 60 క్రెడిట్లు, డ్రాఫ్ట్ 12 అనుకుందాం. కష్టమైన షాట్, నాలుగింట ఒకటే కుదురుతుంది. నేరుగా తీస్తే సగటున 4 × 60 = 240. డ్రాఫ్టులతో అయితే మంచిది దొరకడానికి 48, తర్వాత ఫైనల్. మంచి డ్రాఫ్టు నుంచి ఫైనల్ మూడింట రెండుసార్లు సరిగ్గా వస్తే దానికి సగటున 90. మొత్తం 138. సగానికి కాస్త తక్కువ ఆదా.

ఇప్పుడు అదే లెక్కని తేలిక షాట్‌కి వేయండి: వాన పడుతున్న పెంకుటిల్లు, మనుషుల్లేరు, రెండింట ఒకటి కుదురుతుంది. నేరుగా 120. డ్రాఫ్టులతో 24 + 90 = 114. ఆరు క్రెడిట్ల కోసం ఇంత తతంగం దండగ. డ్రాఫ్ట్ ధర 12 కాక 25 అయితే 140, అంటే నష్టమే. ఇక డ్రాఫ్టుకీ ఫైనల్‌కీ సంబంధమే లేని చోట, ఫైనల్ మళ్లీ నాలుగింట ఒకటే కుదిరితే, కష్టమైన షాట్‌కి 48 + 240 = 288. డ్రాఫ్టులు తీసినందుకు జరిమానా కట్టినట్టు. అందుకే ఒక సర్వీసులో కొత్తగా చేరినప్పుడు నేను చూసేది డ్రాఫ్ట్ ఎంత చవకో కాదు. రెండు డ్రాఫ్టులని ఫైనల్‌గా మార్చి పక్కపక్కన పెట్టి, అదే మనిషి అదే దారిలో ఉన్నాడా అని చూస్తాను. అంకెలన్నీ దాని మీదే తిరుగుతాయి.

డ్రాఫ్టులో ఏది చూసి పారేయాలి అన్నదీ తేలిక కాదు. దూరంగా గేటు దగ్గర నిలబడ్డ ముసలమ్మ ముఖం కరిగిన మైనంలా ఉందని మొదట్లో ఎన్ని మంచి డ్రాఫ్టులు తీసేశానో. ఆ ముఖం 32 పిక్సెళ్ల వెడల్పు. టోకెన్లలో చెప్పాలంటే రెండు అడ్డం, రెండు నిలువు, నాలుగే నాలుగు. నాలుగు టోకెన్లలో కళ్లూ ముక్కూ ఎక్కడ పడతాయి? 720pలో అదే ముఖానికి తొమ్మిది వస్తాయి, కొంత నయం. అది సైజు జబ్బు, సైజు పెరిగితే తగ్గుతుంది. పాలాయన చేతికి ఆరో వేలు దగ్గరి షాట్‌లో స్పష్టంగా కనిపిస్తే మాత్రం ఆ డ్రాఫ్టునే పెద్దది చేస్తే ఆరు వేళ్లే మరింత స్పష్టంగా వస్తాయి. మాయమయ్యే కుక్క, వెనక్కి తిరిగే చక్రం, నేలకి తాకని అడుగు కూడా ఆ జాతివే.

పొదుపు పేరుతో సైజుని మరీ దించకూడదు. మోడల్ నేర్చుకున్న సైజు కంటే కిందికి, 416×240కి దించితే కదలికా కూర్పూ రెండూ చెడిపోతాయి. దాన్ని చూసి ప్రాంప్ట్ మార్చుకోవడం అంటే లేని రోగానికి మందు వేసినట్టే. 81 ఫ్రేములకి బదులు 33 అడిగితే టోకెన్లు 14,040కి దిగుతాయి, ఆశ పుడుతుంది కూడా. రెండు సెకన్లలో పాలాయన ఒక్క పెడల్ చుట్టే తిప్పుతాడు, కాలు ఇరుక్కుంటుందో లేదో తెలిసేది మూడో చుట్టులో.

చివరికి 720p కావలసి వచ్చింది. మళ్లీ కొత్తగా తీస్తే నటుడు మారతాడు గనక, కుదిరిన 480p క్లిప్‌నే అప్‌స్కేలర్‌కి ఇచ్చాను. అది ఉన్న ఫ్రేముల్నే పెద్దవి చేస్తుంది, కొత్త కదలిక పుట్టించదు. బురద గీతలు పదునెక్కాయి. వెనక కిరాణా కొట్టు బోర్డు మీద అక్షరాల్లాంటివి కూడా పదునెక్కాయి, కాని ఏ లిపో ఎవరికీ తెలీదు. ఆ బోర్డుని ఎడిటింగ్‌లో చెరిపేసి, తెలుగులో నేనే రాసి అతికించాను. దానికి క్రెడిట్లు అక్కర్లేదు, ఇరవై నిమిషాలు పట్టింది.