చెల్లు ఏ గడిలో రాయాలి?

భూమి అగ్రిమెంటు మీద వేసిన దావా ఒకటి కింది కోర్టులో డిక్రీ అయి, హైకోర్టుకు అప్పీలుగా వచ్చిందనుకుందాం. ఫైలు నాలుగైదు వందల పేజీలు. అదే రోజు జాబితాలో ఇలాంటివి ఇంకా చాలా ఉంటాయి. అందుకే కొందరు జడ్జీలు విచారణకు ముందు తమ లా క్లర్కుతో చిన్న నోటు ఒకటి రాయించుకుంటారు. దాన్ని బెంచ్ మెమో అంటారు. అమెరికా అప్పీలు కోర్టుల్లో ఇది పాత అలవాటే, అక్కడ పదుల పేజీలు కూడా నడుస్తుంది. ఒక్క పేజీ చాలనే జడ్జికి అందులో మూడు సంగతులు కావాలి: ఇద్దరూ ఒప్పుకున్నవేమిటి, తగాదా ఎక్కడ, లాయర్లను ఏమడగాలి.

ఊహించిన కేసు ఒకటి తీసుకుందాం. 2014 జూన్ 10న రెండెకరాలకు 40 లక్షలకు అగ్రిమెంటు రాసుకున్నారు. బయానా 8 లక్షలు. మిగతా 32 లక్షలు డిసెంబరు 10లోగా కట్టి రిజిస్ట్రేషను చేయించుకోవాలి. అది జరగలేదు. అగ్రిమెంటు వెనక మాత్రం ఒక చెల్లు ఉంది: 2015 మార్చి 5న మరో 2 లక్షలు ముట్టాయనీ, గడువు జూన్ 30 దాకా పొడిగించామనీ. కింద అమ్మకందారు పేరున సంతకం. కొనుగోలుదారు దావా వేసింది 2018 ఫిబ్రవరి 12న. ఆ సంతకం నాది కాదంటాడు అమ్మకందారు.

ఈ కేసు ప్రాణమంతా ఆ చెల్లులోనే ఉంది. రిజిస్ట్రేషను చేయించమని వేసే దావాకు, ఒప్పందంలో తేదీ పెట్టుకుంటే ఆ తేదీ నుంచి మూడేళ్లే గడువు. లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ చెప్పేది ఇదే. చెల్లు అబద్ధమైతే 2017 డిసెంబరుతోనే కాలదోషం పట్టింది, దావా రెండు నెలలు ఆలస్యం. నిజమైతే 2018 జూన్ దాకా టైముంది.

ఇప్పుడు మెమోలో క్లర్కు రాయబోయే ఒక వాక్యం చూడండి. "2015 మార్చి 5న ప్రతివాది మరో 2 లక్షలు తీసుకుని గడువు పొడిగించాడు." కింది కోర్టు తీర్పులో ఇలాగే ఉంటుంది కాబట్టి చేయి అలవాటుగా దాన్నే దించేస్తుంది. కానీ ఈ వాక్యం ఒప్పుకున్న సంగతుల గడిలో పడితే అప్పీలు అక్కడే తేలిపోయినట్టు. జడ్జిగారు ఇక ఆ సంతకం వైపు చూడకపోవచ్చు. రాయాల్సింది ఇలా: "ఎ-1 వెనక 5-3-2015 తేదీతో చెల్లు ఉంది, సంతకం తనది కాదని ప్రతివాది వాదన." చెల్లు కాగితం మీద ఉందన్నది ఇద్దరూ కాదనని మాట. అది ఎవరు పెట్టిన సంతకమన్నదే తగాదా.

అందుకే తీర్పులోంచి కాకుండా ప్లెయింటునూ, రిటన్ స్టేట్‌మెంటునూ పక్కపక్కన పెట్టుకుని పేరా పేరాగా సరిచూడాలి. ఒప్పుకున్న సంగతికి సాక్ష్యం అక్కర్లేదన్నది పాత సాక్ష్య చట్టం 58వ సెక్షను. కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. ప్లెయింటులో చెప్పినదాన్ని ప్రతివాది సూటిగా కాదనకపోతే ఒప్పుకున్నట్టేనని సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరు అంటుంది. చిక్కల్లా "వాది గట్టిగా రుజువు చేసుకోవాలి" అనే పడికట్టు మాటతో. మన రిటన్ స్టేట్‌మెంట్లలో ఇది పేజీకొకటి దొరుకుతుంది. అది కాదనడమా, తప్పించుకోవడమా అన్నది జడ్జి తేల్చాలి. క్లర్కు తానే తేల్చేసి గడి మార్చకూడదు. "పేరా 6కు సూటి జవాబు లేదు" అని పేజీ నంబరుతో రాస్తే చాలు. క్రాస్‌లో "నాకు గుర్తులేదు" అన్న జవాబును ఒప్పుకోలుగా రాయడం మరో పొరపాటు. ఇలాంటి చోట్ల సారాంశం కాకుండా సాక్షి మాటనే ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం మేలు.

ప్రశ్నల గడికి వస్తే, "దావాకు కాలదోషం పట్టిందా?" అనేది అప్పీలు మొత్తానికే ప్రశ్న. దానికి ఇద్దరు లాయర్లూ తమ వాదన మొదటి నుంచీ ఎత్తుకుంటారు. అంతకంటే కొనుగోలుదారు లాయరును ఇలా అడగడం పనికొస్తుంది: "చెల్లును పక్కన పెడితే ఈ దావా మూడేళ్లలోపు వేసినట్టు చూపడానికి మీ దగ్గర ఇంకేదైనా ఆధారముందా?" ఆయన లేదంటే, మిగిలేది సంతకం ఒక్కటే. అప్పుడు రెండో ప్రశ్న: "చెల్లు రాసినాయన్ని సాక్షిగా ఎందుకు పిలవలేదు?" అమ్మకందారు లాయరుకూ ఒకటుంటుంది: "సంతకం మీది కాదన్నప్పుడు నిపుణుడికి పంపమని పిటిషను ఎందుకు వేయలేదు?" నిపుణుడి రిపోర్టు లేకపోయినా ఒప్పుకున్న సంతకాలతో పోల్చిచూసే అధికారం కోర్టుకుంది. కాబట్టి ఆ సంతకాలు ఫైలులో ఏ పేజీల్లో ఉన్నాయో మెమోలో ఉండాలి. ఒకవేళ అమ్మకందారు కాలదోషం మాటే ఎత్తకపోయినా మెమోలో అది రాయాల్సిందే. గడువు దాటిన దావాను, ఎవరూ అడగకపోయినా కొట్టేయాలని లిమిటేషన్ చట్టం 3వ సెక్షను కోర్టుకే చెబుతోంది.

డబ్బు సిద్ధంగా ఉందా అన్న తగాదాకూ ఒక వరస వదలాలి. 32 లక్షలు జేబులో పెట్టుకు తిరగాలని చట్టం అనదు గానీ, సమకూర్చుకోగల స్తోమత చూపాలి. బ్యాంకు పుస్తకంలో ఆ డిసెంబరులో 3 లక్షలే కనిపిస్తే ఆ అంకె, పేజీ నంబరు రాస్తే సరిపోతుంది. "కొనుగోలుదారు దగ్గర డబ్బు లేదు" అని రాస్తే అది తీర్పు అవుతుంది. పైగా ఈ మెమో పార్టీల చేతికి రాదు. అందులో తప్పు దొర్లినా ఎత్తిచూపే లాయరు ఎవరూ ఉండరు.